హ్యాండ్‌బుక్‌లో ఉద్యోగాల పేర్లు: ఆడా మగా తేడా లేకుండా రాయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, ఆసుపత్రులు తమ సిబ్బంది కోసం తెలుగులో వేసే హ్యాండ్‌బుక్‌లను దిద్దేటప్పుడు పదే పదే వచ్చే ప్రశ్నలివి. ఇంగ్లీషు ప్రతిలో పేర్లన్నీ సరిచేశాం, ఇక తెలుగులోకి దించుకోవడమే మిగిలింది అనుకుని పని మొదలుపెట్టేవారే ఎక్కువ. తీరా కూర్చున్నాక తెలుగు వేరే చిక్కులు పెడుతుంది. కొన్నిటికి చక్కటి పరిష్కారం ఉంది, కొన్నిటికి లేదు. లేనిచోట లేదనే రాశాను.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

హ్యాండ్‌బుక్‌తో కాదు, జీతాల రిజిస్టరుతో. హ్యాండ్‌బుక్‌లో పది పదిహేను పేర్లే కనిపిస్తాయి. రిజిస్టరులో, గుర్తింపు కార్డుల మీద, గది తలుపుల మీద, గేటు దగ్గరి బోర్డు మీద ఇంకా చాలా ఉంటాయి, వాటిలో ఒకే ఉద్యోగానికి రెండు మూడు పేర్లు కూడా ఉంటాయి. అన్నిటినీ ఒక జాబితాగా రాసుకుని మూడు కుప్పలు చేయండి. ఇప్పటికే ఎవరికైనా సరిపోయే పేర్లు ఒకటి. మార్చడానికి వాడుకలో మంచి మాట దొరికేవి రెండు. ఏ మాట పెట్టినా అతకనివి మూడు. మూడో కుప్ప చిన్నదే, కానీ సమయమంతా అదే తింటుంది. దాన్ని చివరికి వదిలిపెట్టండి.

తెలుగులో ఏ పేర్లు ఇప్పటికే ఎవరికైనా సరిపోతాయి?

అనుకున్నదానికన్నా ఎక్కువే. -దారుతో ముగిసేవన్నీ నిశ్చింతగా వాడుకోవచ్చు: సలహాదారు, కాపలాదారు, గుత్తేదారు, వాటాదారు. వీటికి స్త్రీలింగ రూపం ఎప్పుడూ పుట్టలేదు. -కర్తతో ముగిసేవీ అంతే: సమన్వయకర్త, కార్యకర్త, రూపకర్త. సంస్కృతంలో కర్త్రి ఉన్నా తెలుగు దాన్ని పట్టించుకోలేదు. ప్రతినిధి, కార్యదర్శి, సారథి, తోటమాలి కూడా ఈ కుప్పలోకే వస్తాయి. ఇక మేనేజర్, ఆపరేటర్, ఇంజినీర్, డ్రైవర్, అటెండర్, ఇన్‌చార్జి వంటి మాటలను తెలుగు ఏ లింగమూ అంటించకుండానే తీసుకుంది.

బృంద నాయకుడు అన్నచోట బృంద సారథి అని రాస్తే బాగుంటుందా అని కొందరు అడుగుతారు. సభల్లో, పత్రికల్లో బాగుంటుంది. ప్యాకింగ్ విభాగంలో ఆరుగురి పని చూసే మనిషి కార్డు మీద మాత్రం కాస్త బరువెక్కుతుంది. అక్కడ టీమ్ లీడర్ చాలు.

అధికారి, ఉద్యోగి, రచయిత కూడా అందరికీ సరిపోతాయి కదా?

రూపాన్ని బట్టి చూస్తే మూడూ ఒకటే. వాడుకలో ఒకటి కాదు. నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఆ మాటకు స్త్రీలింగ జంట ఈ రోజు పత్రికల్లో బతికి ఉందా? జంట బతికి ఉంటే మామూలు రూపం మగవారి వైపు మొగ్గుతుంది. రచయిత్రి నిక్షేపంగా ఉంది కాబట్టి రచయిత అనగానే చదివేవారికి మగవారే తోస్తారు. నిర్మాతకు అలాంటి జంట వాడుకలో లేదు, అందుకే మహిళా నిర్మాతను నిర్మాత అంటే ఎవరూ తడబడరు.

అధికారి, ఉద్యోగి ఈ రెండింటి మధ్య ఉన్నాయి. అధికారిణి, ఉద్యోగిని అప్పుడప్పుడు వార్తల్లో కనిపిస్తాయి. హ్యాండ్‌బుక్‌లో మీరు చేయగలిగింది ఒక్కటే, ఆ జంట రూపాలను ఎక్కడా రానివ్వకపోవడం. 12వ పేజీలో ఉద్యోగి అని రాసి, 40వ పేజీలో ఉద్యోగిని అని రాస్తే, 12వ పేజీ మగవారికే అన్న అర్థం వెనక్కి వెళ్లి అంటుకుంటుంది. ఒక్క చోట జారినా మొత్తం పుస్తకం అర్థం మారుతుంది. ఈ తప్పు సాధారణంగా క్యాంటీన్, దుస్తుల నియమాల అధ్యాయాల్లో దొరుకుతుంది. వాటిని వేరే ఎవరో రాసి ఉంటారు.

కంటెంట్ రచయిత పోస్టు ఉన్న కంపెనీ అయితే కంటెంట్ రైటర్ అని రాసుకోవడమే మేలు.

-డుతో ముగిసే పేర్లను బహువచనంలో పెడితే సరిపోదా? పర్యవేక్షకుడు బదులు పర్యవేక్షకులు అని?

వాక్యంలో సరిపోతుంది. కార్డు మీద సరిపోకపోవచ్చు. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే తెలుగులో ఉన్న అసలు మెలిక ఇదే.

తెలుగులో మనుషుల గురించి చెప్పేటప్పుడు ఏకవచనంలోనే ఆడా మగా తేడా తెలుస్తుంది: వచ్చాడు, వచ్చింది. వచ్చారు అనగానే తేడా పోతుంది. ఆ బహువచనమే గౌరవానికీ వాడతాం. అంటే గౌరవించి రాసిన ప్రతి వాక్యమూ తనంతట తానే లింగభేదం లేని వాక్యం అవుతుంది. ఇది భాష మనకు ఉచితంగా ఇచ్చిన సౌకర్యం. చిక్కేమిటంటే ఆ గౌరవాన్ని మనం హోదా చూసి పంచుతాం.

ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద సంచాలకులు అన్న మాట చూసే ఉంటారు. ఆ గదిలో కూర్చునేది ఒక్కరే అయినా, అది బహువచనమని ఎవరికీ తట్టదు. ప్రధానోపాధ్యాయులు, సంపాదకులు కూడా అలాగే ఒక్కరికి చెల్లుతాయి. అదే పద్ధతిలో ఒక వ్యక్తి కార్డు మీద సహాయకులు అని అచ్చు వేస్తే, మిగతావారెక్కడ అని అడుగుతారు. హోదా పెద్దదైతే ఏకవచనంగా వినిపించిన బహువచనం, హోదా చిన్నదైతే గుంపుగా వినిపిస్తుంది. ఇది వ్యాకరణం పెట్టిన హద్దు కాదు, అలవాటు పెట్టిన హద్దు. అయినా హద్దే.

కాబట్టి ఇలా విడదీసుకోవచ్చు. నియమాలు చెప్పే వాక్యాల్లో కార్మికులు, సహాయకులు, పర్యవేక్షకులు అని నిస్సంకోచంగా రాయండి. కార్డు మీద, ఒక్కొక్కరి పేరు పక్కన, నియామక పత్రంలో వచ్చే పేరుకు మాత్రం సూపర్‌వైజర్, అసిస్టెంట్, అనలిస్ట్ వంటి ఏకవచన రూపాలు ఎంచుకోండి. సంచాలకులు వంటి పై పదవులకు బహువచన రూపం రెండు చోట్లా నడుస్తుంది.

పర్యవేక్షకుడు/రాలు అని గీత పెట్టి రాస్తే?

చేయకండి. హ్యాండ్‌బుక్‌ను చాలా చోట్ల చేరిక రోజున ఎవరో ఒకరు పైకి చదివి వినిపిస్తారు. గీతను పైకి ఎలా చదువుతారు? రెండు వాక్యాలు కాగానే చదివేవారు విసుగెత్తి మొదటి రూపాన్నే చదువుకుంటూ పోతారు. పైగా తెలుగులో గీత ఒక్క మాటతో ఆగదు. పర్యవేక్షకుడు/రాలు వచ్చాడు/వచ్చింది, అతని/ఆమె... అంటూ వాక్యం చివరిదాకా పాకుతుంది. ఆడా మగా కాని గుర్తింపు ఉన్నవారికి ఆ గీతకు రెండు వైపులా చోటు లేదన్నది మరో సంగతి.

ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసుకోవడం తప్పించుకోవడం కాదా?

కొందరికి అలా అనిపిస్తుంది, ముఖ్యంగా భాష మీద పట్టింపు ఉన్నవారికి. నాకూ ఆ పట్టింపు ఉంది. కానీ ఉద్యోగం పేరు ఆ ఉద్యోగం చేసేవారు పలికే మాట. షాపు ఫ్లోరు మీద ఎవరూ పర్యవేక్షకుడు అనరు, సూపర్‌వైజర్ అంటారు. హ్యాండ్‌బుక్‌లో ఉన్న పర్యవేక్షకుడు చాలాసార్లు ఇంగ్లీషు ప్రతిని తెలుగు చేసినవారు నిఘంటువు నుంచి తెచ్చిపెట్టినవాడే. అతన్ని తీసేస్తే భాషకు నష్టం లేదు.

అయితే ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలన్నీ నిర్దోషులు కావు. -మన్, -బాయ్, -గర్ల్‌తో ముగిసేవి లింగభేదాన్ని వెంటబెట్టుకునే వచ్చాయి.

ఆ -మన్, -బాయ్ మాటలకు ఏం పెట్టాలి?

ఆఫీస్ బాయ్‌కి అటెండర్ అన్న మాట తెలుగువారందరికీ తెలిసినదే. రెండు రాష్ట్రాల ప్రభుత్వ కార్యాలయాల్లో ఆఫీస్ సబార్డినేట్ అన్న పేరు ఉంది. అందులో లింగభేదం లేదు గానీ కిందివాడివి అన్న అర్థం నేరుగా వినిపిస్తుంది కాబట్టి ప్రైవేటు కంపెనీకి అరువు తెచ్చుకోవాల్సిన పేరు కాదు. యాభై ఏళ్ల మనిషిని బాయ్ అనడం లింగం సమస్య కన్నా పెద్ద సమస్య. ఆ ఒక్క కారణంతోనే దీన్ని మార్చడానికి ఎక్కడా అడ్డు రాలేదు.

వాచ్‌మన్‌కు కాపలాదారు మంచి తెలుగు మాట. కంపెనీ గేటు దగ్గర మాత్రం సెక్యూరిటీ గార్డు అనే పిలుస్తారు, పుస్తకంలోనూ అదే పెట్టండి. సేల్స్‌మన్, సేల్స్ గర్ల్ రెండూ పోయి సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఇప్పటికే వచ్చేసింది. క్యాంటీన్‌లో వంటవాడు, వంటమనిషి అన్న రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తే ఆగి చూడండి. మనిషి అన్న మాటలో లింగం లేకపోయినా వంటమనిషి, పనిమనిషి అనగానే ఆడవారే మనసులో మెదులుతారు, జీతం కూడా తరచూ ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర ఒకే పని చేస్తుంటే ఇద్దరికీ కుక్ అన్న ఒకే పేరు రాయండి. ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలన్న నియమం 1976 నుంచీ చట్టంలో ఉంది. రెండు పేర్లు ఉండటం ఆ నియమాన్ని దాటవేయడానికి పాత దారి.

డెలివరీ బాయ్‌కి డెలివరీ పార్ట్‌నర్ అని పెట్టేముందు ఆలోచించండి. ఆడా మగా తేడా పోతుంది, దానితోపాటు ఆ మనిషి ఉద్యోగి అన్న సంగతీ చదివేవారికి కనిపించకుండా పోతుంది. జీతం మీద పనిచేసేవారైతే డెలివరీ ఎగ్జిక్యూటివ్ అనండి.

చైర్‌పర్సన్ అని మార్చాం. అది మహిళలకే అనుకుంటున్నారు. ఏం చేయాలి?

ఈ ఫిర్యాదు నిజమే. మున్సిపాలిటీల వార్తలు గమనించండి: పదవిలో మగవారు ఉంటే చైర్మన్, మహిళ ఉంటే చైర్‌పర్సన్ అని రాయడం మామూలైపోయింది. తేడా పోగొట్టడానికి పుట్టిన మాట చివరికి స్త్రీలింగమై కూర్చుంది.

చట్టం మాత్రం మీ వైపే ఉంది. 1956 నాటి కంపెనీల చట్టంలో చైర్మన్ అని ఉంటే, 2013 చట్టం కంపెనీ చైర్‌పర్సన్ అని రాసింది, అదీ ఎవరికైనా. కాబట్టి కంపెనీ బోర్డుకు సంబంధించిన చోట చైర్‌పర్సన్ అనే ఉంచండి, ప్రస్తుతం ఆ పదవిలో మగవారే ఉన్నా సరే. పదవిలో మనిషి మారినప్పుడల్లా పేరు మార్చడం మొదలుపెడితే ఆ మాట మళ్లీ పాత గాడిలో పడుతుంది. కంపెనీలోని చిన్న కమిటీలకు అయితే అధ్యక్షుడు, అధ్యక్షురాలు, చైర్‌పర్సన్ ఏదీ అక్కరలేదు. కన్వీనర్ అన్న మాట తెలుగులో హాయిగా ఇమిడిపోయింది.

పేర్లన్నీ మార్చాం. అయినా చదివితే మగవారి పుస్తకంలాగే ఉంది. ఎందుకు?

క్రియల వల్ల. పేరు మార్చడం సగం పనే. ఒక తయారీ కంపెనీ హ్యాండ్‌బుక్‌లో ఉండేలాంటి పేరా ఒకటి తీసుకుందాం:

> రాత్రి షిఫ్టులో కార్మికుడు అనారోగ్యం పాలైతే అతడు వెంటనే ఫోర్‌మన్‌కు చెప్పాలి. ఫోర్‌మన్ అతన్ని పరిశీలించి, అవసరమైతే నర్సమ్మ దగ్గరకు పంపుతాడు. ఆమె ఇచ్చిన చీటీ లేకుండా గేటు దాటినవాడు ఆ రోజు వేతనానికి అర్హుడు కాడు. వాచ్‌మన్ అతని పేరు రిజిస్టరులో రాసుకుంటాడు. మేనేజర్ మరుసటి రోజు నిర్ణయం తీసుకుంటారు.

ఇందులో ఉద్యోగాల పేర్లు అయిదే. లింగం తెలిపే చోట్లు మాత్రం దాదాపు ప్రతి పదబంధంలో ఉన్నాయి. నర్సు ఒక్కరే ఆడమనిషి, మేనేజర్ తప్ప మిగతా అందరూ మగవాళ్లు. ఇంకొకటి చూడండి: ఫోర్‌మన్ పంపుతాడు, వాచ్‌మన్ రాసుకుంటాడు, మేనేజర్ మాత్రం తీసుకుంటారు. రాసినవారు మేనేజర్‌ను గౌరవించారు, దాంతో ఆ ఒక్క వాక్యం తెలియకుండానే ఎవరికైనా సరిపోయేదిగా తయారైంది.

ఇప్పుడు దిద్దిన రూపం:

> రాత్రి షిఫ్టులో కార్మికులెవరికైనా ఒంట్లో బాగా లేకపోతే వెంటనే షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి పరిస్థితి తెలుసుకుని, అవసరమైతే నర్సు దగ్గరకు పంపుతారు. నర్సు ఇచ్చిన చీటీ లేకుండా గేటు దాటినవారికి ఆ రోజు వేతనం రాదు. సెక్యూరిటీ గార్డు వారి పేరు రిజిస్టరులో రాసుకుంటారు. మేనేజర్ మరుసటి రోజు నిర్ణయం తీసుకుంటారు.

మొదటి వాక్యంలో చెప్పాలి అన్న క్రియను ముట్టుకోలేదు. చేయాలి, చేయవచ్చు, చేయకూడదు, చేయరాదు, చేస్తే, చేసినప్పుడు: వీటిలో ఏ లింగమూ లేదు. హ్యాండ్‌బుక్ అంటేనే చేయాలి, చేయకూడదు కాబట్టి సగం వాక్యాలు వాటంతట అవే బాగుంటాయి. మగవారి జాడ దాక్కునేది జరిగేది చెప్పే వాక్యాల్లో: పంపుతాడు, రాసుకుంటాడు, ఇవ్వడు.

అతడు అన్న మాటకు బదులు ఏదీ పెట్టలేదు, తీసేశామంతే. కర్త ఎవరో తెలిసినప్పుడు తెలుగుకు సర్వనామం అక్కరలేదు. ఇంగ్లీషు నుంచి దిగుమతి అయిన వాక్యాల్లోనే అతడు, అతని అంటూ పోగుపడతాయి. తన అన్న మాట మాత్రం ఉంచుకోవచ్చు. ఉద్యోగి తన దరఖాస్తును ఇవ్వాలి అన్నప్పుడు అది ఎవరికైనా సరిపోతుంది.

అర్హుడు కాడు అన్నది వేతనం రాదు అయింది. అర్హుడు, బాధ్యుడు, నియమితుడు అని మనిషికి ముద్ర వేసే బదులు అర్హత, బాధ్యత, నియామకం గురించి మాట్లాడితే లింగం ఊసే రాదు. అర్హులు అనీ రాయవచ్చు, కానీ వేతనం రాదు అన్నది సూటిగా ఉంది.

వారు అన్న మాటతో ఒక్క జాగ్రత్త. వారి పేరు అంటే గేటు దాటినవారి పేరా, నర్సు పేరా అన్న అనుమానం వచ్చేలా ఉంటే సర్వనామం వద్దు, మాటనే మళ్లీ రాయండి. క్రమశిక్షణ చర్యల అధ్యాయంలో ఈ అనుమానం ఖరీదైనది.

ఇదంతా ఎందుకు, మొత్తం పుస్తకాన్ని మీరు అని సంబోధిస్తూ రాస్తే పోలేదా అంటే, చాలా వరకు పోతుంది. మీకు ఒంట్లో బాగా లేకపోతే షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పండి అన్నది అన్నిటికన్నా మంచి వాక్యం. కానీ గార్డు ఏం చేస్తారు, మేనేజర్ ఏం చేస్తారు అన్నవి ప్రథమ పురుషలోనే చెప్పాలి కదా. అక్కడ ఒకటే నియమం: తోటమాలి నుంచి ఎండీ దాకా అందరికీ -ఆరు.

ఏ మాట పెట్టినా అతకని పేర్లు ఏవి?

ఫోర్‌మన్ మొదటిది. ఫోర్‌పర్సన్ అని ఎవరూ అనరు, అచ్చులో చూస్తే నవ్వుతారు. సూపర్‌వైజర్ అందామంటే చాలా ఫ్యాక్టరీల్లో అది ఫోర్‌మన్‌కు కిందో పైనో ఉన్న వేరే శ్రేణి. మేస్త్రీ అంటే ఇల్లు కట్టే పని గుర్తుకొస్తుంది, అదీ మగవారి మాటగానే నాటుకుపోయింది. పై పేరాలో చేసినది ఇక్కడ కొంత పనికొస్తుంది: నియమంలో హోదా పేరు కాకుండా ఆ సమయంలో చేస్తున్న బాధ్యత పేరు రాయండి. రాత్రి షిఫ్టులో ఫోర్‌మన్ చేసేది షిఫ్ట్ ఇన్‌చార్జి పనే కాబట్టి వాక్యం నడిచింది. శ్రేణుల పట్టికలో మాత్రం ఫోర్‌మన్ ఫోర్‌మన్‌గానే మిగిలింది.

లైన్‌మన్ ఇంకో రకం. తెలంగాణలో మహిళలు కోర్టుకు వెళ్లి మరీ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు పోటీపడే హక్కు తెచ్చుకున్నారు, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి ఉద్యోగాల్లో చేరారు. పోస్టు పేరు మాత్రం అలాగే ఉండటంతో పత్రికలు లైన్‌ఉమన్ అన్న మాట వాడాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019లో ఇలాంటి పనికే ఎనర్జీ అసిస్టెంట్ అన్న పేరు పెట్టారు. లింగభేదం లేని పేరే. అయినా ఆ ఉత్తర్వుల్లోనే పక్కన జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ 2 అని చేర్చాల్సి వచ్చింది, ఊళ్లో జనం కరెంటు పోతే ఇప్పటికీ లైన్‌మన్‌కే ఫోన్ చేస్తారు. మీది విద్యుత్ పనుల కాంట్రాక్టు కంపెనీ అయితే లైన్ టెక్నీషియన్ అని ప్రయత్నించవచ్చు. కంపెనీ లోపల నిలబడుతుంది, బయట నిలబడుతుందని చెప్పలేను.

బొగ్గు గనుల్లో పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్ సంగతి మీ చేతిలోనే లేదు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం అది చట్టబద్ధమైన పదవి, ఆ పేరుతోనే అర్హతా పత్రం ఇస్తారు. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనులకు మహిళలను పగటిపూట తీసుకోవచ్చని 2019లో కేంద్రం అనుమతించింది. ఓవర్‌మన్ పత్రం ఉన్న మహిళ ఓవర్‌మనే. సింగరేణి ప్రాంతంలో గని పనులు చేసే కంపెనీ తన హ్యాండ్‌బుక్‌లో ఈ పేరును మార్చితే, రేపు తనిఖీలో ఆ పదవిలో ఎవరున్నారు అని అడిగినప్పుడు జవాబు ఇబ్బందిగా ఉంటుంది.

ఆయా ఎదురు దిక్కు నుంచి వచ్చిన చిక్కు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. దాంతో ఫ్యాక్టరీల జాబితాల్లో ఈ పేరు మళ్లీ కనిపిస్తోంది. ఆయా అంటే ఆడమనిషే. శిశు సంరక్షకులు అంటే ఏదో ప్రభుత్వ పథకంలా ఉంటుంది, క్రెష్ అసిస్టెంట్ అన్నది కార్డు మీద ఫరవాలేదు. పిల్లల్ని అప్పగించే తల్లులు మాత్రం ఆయా అనే అంటారు, దాన్ని పుస్తకం ఆపలేదు.

అతకని పేరును పుస్తకంలో ఎలా నమోదు చేయాలి?

దాచకుండా, చిన్నగా. పదవుల పట్టిక కింద ఇలా ఒక గమనిక చాలు:

> ఫోర్‌మన్ అన్న పేరు వేతన శ్రేణుల్లో ఉన్నందున దాన్ని అలాగే ఉంచాం. ఈ పోస్టుకు ఎవరైనా అర్హులే. ఇంతకన్నా సహజమైన పేరు వాడుకలోకి వస్తే మార్చుతాం.

ప్రతి పేజీలోనూ నక్షత్రం గుర్తు పెట్టి ఇదే రాయాల్సిన పని లేదు. పుంలింగంలో చెప్పినదంతా స్త్రీలకూ వర్తిస్తుంది అన్న ఒక్క వాక్యాన్ని మొదటి పేజీలో పెట్టి చేతులు దులుపుకునే పద్ధతి కూడా ఉంది. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 13వ సెక్షన్‌లో అలాంటి నియమమే ఉంది. అది చట్టాలను చదవడానికి పెట్టుకున్న నియమం. మీ పుస్తకం చదివేది న్యాయమూర్తి కాదు, ఉద్యోగంలో కొత్తగా చేరిన వెల్డర్.

లింగభేదం ఉంచి తీరాల్సిన చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి, ఇక్కడ అత్యుత్సాహం ప్రమాదం. లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి అధ్యక్షత వహించే అధికారి మహిళే అయి ఉండాలి. అక్కడ సీనియర్ ఉద్యోగి ఒకరు అని రాస్తే చట్టం అడిగినది రాయనట్టే. సీనియర్ మహిళా ఉద్యోగి అని స్పష్టంగా రాయాలి. ప్రసూతి సెలవుల అధ్యాయంలోనూ, రాత్రి షిఫ్టులో మహిళల భద్రత, రవాణా ఏర్పాట్ల దగ్గరా అంతే.

పేరు మార్చితే చట్టపరంగా ఇబ్బంది వస్తుందా?

పేరు మార్పు శ్రేణి మార్పుగా అర్థమైతే వస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం శ్రేణుల వర్గీకరణ మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అలాంటి నియమం ఉంది. కాబట్టి పాత పేరు, కొత్త పేరు, వేతన శ్రేణి అని మూడు నిలువు వరుసల పట్టిక ఒకటి వేసి, పేరు తప్ప ఏదీ మారలేదని రాసి, యూనియన్ ఉంటే ముందే వారికి చూపించండి. అటెండర్ అన్నందుకు ఎవరూ గొడవ చేయరు. ఫోర్‌మన్‌ను సూపర్‌వైజర్ అంటే మాత్రం చేస్తారు, చేయాలి కూడా: సూపర్‌వైజర్ అనిపించుకున్నవారు కార్మికుల నిర్వచనంలోకి వస్తారా రారా అన్నది జీతాన్ని బట్టి, చేసే పనిని బట్టి కోర్టుల దాకా వెళ్లే వివాదం.

ధ్రువీకరించిన ఉద్యోగ నిబంధనలు, అంటే స్టాండింగ్ ఆర్డర్లు, ఉన్న కంపెనీ వాటిలోని మాటలను సొంతంగా మార్చుకోకూడదు. 1946 నాటి చట్టం వాటిని ఇంగ్లీషులోనూ, ఎక్కువ మంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టమంది. ఆ బోర్డు మీద ఒక పేరు, హ్యాండ్‌బుక్‌లో మరో పేరు ఉంటే ముందు బోర్డు సంగతి చూసుకోండి. చట్టం భాష కూడా మారుతోంది లెండి: 1947 చట్టం వర్క్‌మన్ అంటే, 2020 కోడ్ వర్కర్ అంది.

ఒక ఉద్యోగి తనను అధ్యక్షురాలు అనే రాయమంటున్నారు. కాదనాలా?

కాదనకండి. హ్యాండ్‌బుక్ పదవి గురించి చెబుతుంది, ఎవరి గురించీ కాదు. ఆహ్వాన పత్రికలో, వార్తాలేఖలో ఆ మనిషి గురించి రాసేటప్పుడు వారికి నచ్చిన మాటే రాయాలి. ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల విషయంలోనూ అదే పద్ధతి. ఏం ఇష్టపడతారో అడిగి తెలుసుకునేదాకా గారు, వారు, -ఆరు క్రియలు ఏ తడబాటూ లేకుండా నడుస్తాయి.

నర్సును సిస్టర్ అనవచ్చా?

పిలుపులో ఎవరిష్టం వారిది. పుస్తకంలో నర్సు అని రాయండి. ప్రభుత్వ నియామకాల్లో నర్సింగ్ ఆఫీసర్ అన్న పేరు వచ్చేసింది కాబట్టి ఆసుపత్రి అయితే అదే వాడుకోవచ్చు.

అంతా అయ్యాక మిగిలిపోయినవి ఎలా పట్టుకోవాలి?

ఫైలులో వెతకడం ద్వారా. కానీ తెలుగులో వెతకడం అనుకున్నంత సులువు కాదు. పర్యవేక్షకుడు అని వెతికితే పర్యవేక్షకుడి, పర్యవేక్షకునికి, పర్యవేక్షకురాలి దొరకవు. మాటను కాస్త ముందే తుంచి పర్యవేక్షకు అని వెతికితే అన్నీ వస్తాయి, బహువచనాలూ వస్తాయి, వాటిని దాటుకుంటూ పోవచ్చు. వాచ్‌మన్ ఒక్కో చోట వాచ్‌మెన్, వాచ్మన్, వాచ్ మన్ అని రాసి ఉంటుంది. చ్, మ మధ్య కంటికి కనిపించని విడదీత గుర్తు ఉన్నదీ లేనిదీ కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. కాబట్టి వాచ్ వరకే వెతకండి.

ఆ తర్వాత ురాల, ుడు, ాడు, అతడు, అతను, అతని, ఆమె, బాయ్, గర్ల్ అని ఒక్కొక్కటే వెతకండి. ాడు అని వెతికితే పంపుతాడు, ఇస్తాడుతోపాటు భద్రతా అధ్యాయంలోని నిజమైన తాడు కూడా వస్తుంది, దాన్ని వదిలేయండి. యంత్రం పట్టుకోలేనివి చివరికి బొమ్మలు. హెల్మెట్ పెట్టుకున్నవారంతా మగవారు, టీ అందిస్తున్నవారంతా ఆడవారు అయితే, మాటల్లో మీరు తీసేసినదంతా ఆ బొమ్మలు తిరిగి చెబుతుంటాయి. వాటిని మార్చడానికి అచ్చుకు పంపేముందే చిత్రకారులకు చెప్పాలి, ప్రూఫు వచ్చాక ఆలస్యమవుతుంది.